గోధుమ పండని ఊళ్ళో గోధుమ రంగు: పెళ్లి ప్రకటనల్లో రంగు మాటల లెక్క

వీడియో చూసే తీరిక లేనివాళ్ళు, బస్సులో సౌండ్ పెట్టుకోలేనివాళ్ళు చదువుకోడానికి ఈ ఎపిసోడ్‌లో మాట్లాడినదంతా ఇక్కడ పెడుతున్నాం.

ఈసారి టాపిక్ మా ఇంట్లోనే దొరికింది. మాది పాలకొల్లు. మొన్న పండక్కి ఇంటికెళ్తే అమ్మ బీరువా సర్దుతోంది. అడుగు అరలోంచి ఒక ప్లాస్టిక్ ఫైలు బయటపడింది. అందులో మా అక్క పెళ్లి బయోడేటాలు ఉన్నాయి. ఒకటి కాదు, మూడు. మనిషి ఒక్కతే, పుట్టిన తేదీ ఒకటే, నక్షత్రం ఒకటే, ఎత్తు కూడా అదే. మారింది ఒకే ఒక్క లైను.

మొదటిది నాన్న చేత్తో రాసింది. అందులో "రంగు: చామనఛాయ" అని ఉంది. రెండోది పెళ్లిళ్ల పేరయ్య గారు టైపు చేయించింది. అందులో "కలర్: వీటిష్" అని ఉంది. మూడోది మా పిన్ని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడానికి చేసింది. అందులో "కాంప్లెక్షన్: ఫెయిర్" అని ఉంది.

మూడు కాగితాలకీ మధ్య పద్నాలుగు నెలలు గడిచాయి. ఆ పద్నాలుగు నెలల్లో మా అక్క రంగు ఏమీ మారలేదండీ. పొద్దున్నే స్కూటీ మీద స్టేషన్‌కి వెళ్ళి, రైలెక్కి భీమవరంలో బ్యాంకు ఉద్యోగానికి వెళ్తుంది కాబట్టి, మారితే ఇంకాస్త ఎండకి కందిపోయి ఉండాలి. మరి కాగితం మీద ఎలా తెల్లబడింది? ఈ రోజు చెప్పబోయేది అదే.

మన మాటలు, అరువు మాట

ముందు ఈ "వీటిష్" సంగతి చూద్దాం. వీటిష్ అంటే గోధుమ రంగు. మా ఊరి చుట్టూ ఎటు చూసినా వరి చేలు, కొబ్బరి తోటలు, ఈమధ్య చేపల చెరువులు, రొయ్యల చెరువులు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువల నీళ్ళు వచ్చి ఈ డెల్టా అంతా వరి దేశమైంది. గోధుమ చేను ఎలా ఉంటుందో మా తాతగారు సినిమాలో తప్ప చూడలేదు. మా ఇళ్ళల్లో గోధుమ గుర్తొచ్చేది ఎవరికైనా షుగర్ వచ్చి డాక్టరు గారు రాత్రిపూట చపాతీ తినమన్నప్పుడే. మరి వరి పండే ఊళ్ళో అమ్మాయి ఒంటి రంగుకి గోధుమ పోలిక ఎక్కణ్ణించి వచ్చింది?

ఉత్తరాది నుంచి వచ్చింది. హిందీలో "గేహువా" అంటారు, ఉర్దూలో "గందుమీ" అంటారు. రెండిటికీ గోధుమ రంగు అనే అర్థం. అక్కడ గోధుమే తిండి, గోధుమే పంట. అది సహజమైన పోలిక. దాన్నే ఇంగ్లీష్ పేపర్ల పెళ్లి ప్రకటనల్లో "వీటిష్" అని రాశారు. ఇంగ్లండ్ వాళ్ళు తమ ఒంటి రంగు చెప్పడానికి వాడే మాట కాదిది, మన దేశంలో స్థిరపడిన ఇంగ్లీష్ మాట. తర్వాత పెళ్లి వెబ్‌సైట్లు వచ్చి, రంగు గడిలో ఈ మాటని అందరికీ ఒకటే ఆప్షన్‌గా పెట్టాయి. పంజాబ్ అమ్మాయైనా పాలకొల్లు అమ్మాయైనా అదే లిస్టులోంచి ఎంచుకోవాలి. పేరయ్య గారు దాన్ని తెచ్చి మా అక్క కాగితం మీద పెట్టారు.

మనకి మాటలు లేక అరువు తెచ్చుకున్నామా అంటే అదీ కాదు. తెలుగులో ఒంటి రంగుకి ఉన్నన్ని మాటలు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. పసిమి ఛాయ అంటాం. దబ్బపండులా ఉందంటాం. బంగారు బొమ్మ అంటాం. మా వైపు తెల్లటి పిల్లని "ఎర్రగా ఉంటుందండీ" అంటారు, "ఎర్రగా బుర్రగా ఉన్నాడు" అనే మాట మీరూ వినే ఉంటారు. వీటి మధ్యలో చామనఛాయ ఉంది. ఈ చామన అనే మాట సంస్కృతం "శ్యామ" లోంచి పుట్టింది. శ్యామ అంటే నలుపు, ముదురు రంగు. అంటే మొదట్లో అది ముదురు రంగు మాట. వాడుకలో మెల్లగా పైకి జరిగి "మరీ నలుపు కాదులెండి" అనే అర్థానికి వచ్చింది.

తమాషా ఏంటంటే, బెంగాల్‌లో కూడా ఇదే జరిగింది. వాళ్ళ పెళ్లి ప్రకటనల్లో "ఉజ్జ్వల శ్యామ్‌బర్ణ" అని రాస్తారు. అంటే మెరిసే ముదురు రంగు అన్నమాట. శ్యామ అని ఒట్టిగా రాస్తే సంబంధం రాదేమోనని ముందర ఒక దీపం పెట్టారు. తమిళంలో మధ్య రంగుకి "మానిరం" అని ఉంది. ప్రతి భాషలోనూ ఒక మధ్య మాట ఉంది. అన్ని చోట్లా ఆ మధ్య మాట మీద బరువు పడుతుంది. ఎందుకంటే కింద మాట ఎవరూ రాయరు.

నిచ్చెనకి కింది మెట్టు లేదు

పేపర్లో పెళ్లి ప్రకటన ఎలా రాస్తారో ఒకసారి చూడండి. అక్కడ లైనుకింత, మాటకింత అని డబ్బు కట్టాలి. అందుకని ప్రతి మాటా పిండి పిండి రాస్తారు. నమూనా కోసం నేనే ఒకటి రాశాను: "ఫలానా కులం, ఫలానా గోత్రం, 26/5.3, బీటెక్, బెంగళూరులో జాబ్, ఫెయిర్, అమ్మాయికి తగిన వరుడు కావలెను." ఇందులో అమ్మాయి నవ్వుతుందా, పుస్తకాలు చదువుతుందా, కోపం ఎక్కువా అనేదానికి చోటు లేదు. కానీ "ఫెయిర్"కి డబ్బు కట్టారు. డబ్బు కట్టి మరీ రాశారంటే ఆ మాటకి బజార్లో ధర ఉందన్నమాట.

ఇప్పుడు ఆ ధర ఎలా పనిచేస్తుందో చూద్దాం. పెళ్లి సైట్లలో చాలాకాలం ఉన్న రంగు లిస్టు దాదాపు ఇలా ఉండేది: వెరీ ఫెయిర్, ఫెయిర్, వీటిష్, వీటిష్ బ్రౌన్, డార్క్. చూడ్డానికి ఐదు మెట్ల నిచ్చెన. కానీ తల్లిదండ్రులు ఎవరూ తమ పిల్లకి "డార్క్" టిక్కు పెట్టరు. పెడితే ఫోన్లు రావు కదా. కాబట్టి ముదురు రంగు అమ్మాయి "వీటిష్" అవుతుంది. అలా పదిమంది చేశాక, చదివేవాళ్ళకి కూడా లెక్క తెలిసిపోతుంది. "వీటిష్ అంటే నలుపేలే" అనుకుంటారు. అప్పుడు నిజంగా మధ్య రంగులో ఉన్న అమ్మాయి వాళ్ళ నాన్నకి భయం పట్టుకుంటుంది. "మనం వీటిష్ అని రాస్తే నలుపు అనుకుంటారు" అని "ఫెయిర్" రాస్తాడు. అప్పుడు నిజంగా తెల్లగా ఉన్న పిల్లకి "ఫెయిర్" చాలదు, "వెరీ ఫెయిర్" కావాలి. ఆ లైను అసలు రాయకుండా వదిలేస్తే? "ఏదో దాస్తున్నారు" అనుకుంటారు.

మా అక్క మూడు బయోడేటాలూ సరిగ్గా ఈ నిచ్చెన మీద నడిచాయి. నాన్న నిజం రాశారు. పేరయ్య గారు ఆ కాగితం చూసి అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "మాస్టారూ, చామనఛాయ అంటే అవతలోళ్ళు నలుపనుకుంటారండీ. వీటిష్ అని పెడదాం. అబద్ధం కాదు కదండీ, ఆయ్" అన్నారు. ఆర్నెల్లకి పిన్ని ఫోన్ చేసి, "బావగారూ, ఇప్పుడు వీటిష్ అంటే ఎవరూ చూడట్లేదండీ, ఫెయిర్ పెట్టేశాను, ఏమనుకోకండి" అంది. ఇద్దరూ చెడ్డవాళ్ళు కారు. ఇద్దరికీ మా అక్కంటే ఇష్టం. నిచ్చెనే అలాంటిది. ఒకళ్ళు మెట్టెక్కితే పక్కవాళ్ళు ఎక్కాల్సిందే. చివరికి అందరూ ఎక్కాక ఎవరి చోటూ మారదు, మాటల అర్థాలు మాత్రం మారతాయి.

అసలు ఈ మాటలు రంగు చెప్పడానికి కావని తేల్చుకోవాలంటే ఒక చిన్న పని చేయండి. తెలుగు దినపత్రికలోనే, జిల్లా పేజీల్లో, తప్పిపోయిన వాళ్ళ గురించి పోలీసులు ఇచ్చే వివరాలు చూడండి. "ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు, చామనఛాయ, నీలం రంగు చీర" అని ఉంటుంది. "నలుపు రంగు" అని కూడా ఉంటుంది. అక్కడ మనిషి నిజంగా దొరకాలి కాబట్టి నిజం రాస్తారు. అదే పత్రికలో వధువుల కాలమ్‌లో నల్లటి అమ్మాయి ఒక్కర్తీ కనపడదు. ఒకే ఊరి మనుషులు, ఒకే పేపరు. తప్పిపోయినప్పుడు ఉన్న రంగు పెళ్లి దగ్గరికొచ్చేసరికి లేకుండా పోతుంది.

"రంగు తక్కువ" అంటే ఏమిటి?

మా అక్కకి ఆ "ఫెయిర్" కాగితం మీద ఒక సంబంధం వచ్చింది. పిన్ని కాగితంతోపాటు ఫోటో కూడా పంపింది. ఆ ఫోటో పిన్ని ఫోన్లో సెల్ఫీ కెమెరాతో తీసింది. ఆ ఫోన్లో బ్యూటీ మోడ్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, ఉందన్న సంగతి పిన్నికి తెలీదు. చర్మం నున్నగా చేసి, రంగు రెండు మెట్లు పెంచి చూపించింది. అంటే మూడోసారి మార్చింది ఫోనే అన్నమాట.

పెళ్లిచూపులకి వాళ్ళు కారులో వచ్చారు. కాఫీలు అయ్యాయి. వెళ్ళేటప్పుడు అబ్బాయి వాళ్ళ మేనత్త గుమ్మం దగ్గర ఆగి, అమ్మతో మెల్లగా అంది: "పిల్ల లక్షణంగా ఉందండీ. ఫోటోలో అయితే ఇంకాస్త రంగుందనుకున్నాం. ఇక్కడ చూస్తే రంగు కొంచెం తక్కువగా ఉంది కదండీ." అక్క లోపల గదిలోనే ఉంది. వినపడింది.

రెండ్రోజుల తర్వాత పేరయ్య గారి ద్వారా కబురొచ్చింది. సంబంధం వద్దనలేదు. ఇవ్వబోయే దాంట్లో ఇంకో రెండు లక్షలు కలిపితే ఆలోచిస్తామన్నారు. అంటే "రంగు తక్కువ" అన్న మాటకి ఎంత తక్కువో కూడా లెక్క వచ్చేసింది.

ఆ మాట గురించి కొంచెం ఆగుదాం. తెలుగులో నల్లగా ఉన్నవాళ్ళని "రంగు తక్కువ" అంటాం. చర్మానికి రంగునిచ్చేది మెలనిన్ అనే పదార్థం. నల్లగా ఉన్నవాళ్ళలో అది ఎక్కువ ఉంటుంది, తెల్లగా ఉన్నవాళ్ళలో తక్కువ ఉంటుంది. అంటే శరీరం లెక్కలో నలుపుకే రంగు ఎక్కువ. మన భాష లెక్కలో మాత్రం తెలుపే "రంగు". నలుపు అంటే ఆ రంగు లేకపోవడం. "తక్కువ" అని మొదలుపెట్టాక, ఆ తక్కువని ఇంకోదానితో పూడ్చమని అడగడం పెద్ద విషయం కాదు. డబ్బుతో పూడ్చమంటారు, లేదా చదువుతో, ఉద్యోగంతో పూడ్చమంటారు.

ఇక్కడ చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. 1961 వరకట్న నిషేధ చట్టానికి 1986లో 4ఏ అనే సెక్షన్ కలిపారు. దాని ప్రకారం, కొడుకు పెళ్లికో కూతురు పెళ్లికో బదులుగా ఆస్తి ఇస్తాం, డబ్బు ఇస్తాం, వ్యాపారంలో వాటా ఇస్తాం అని పేపర్లో ప్రకటన ఇవ్వడం నేరం. కనీసం ఆరు నెలల జైలు పడొచ్చు. అందుకే ఏ ప్రకటనలోనూ కట్నం అంకె కనపడదు. కానీ రంగు రాయొద్దని ఏ చట్టమూ లేదు. కాబట్టి డబ్బు మాట గుమ్మం అవతలికి వెళ్ళింది. ఆ డబ్బుని పెంచే, తగ్గించే మాటలు మాత్రం ప్రకటనలోనే ఉండిపోయాయి. ఫెయిర్, వీటిష్ అనేవి చదివే ఇంటికి ఒక సైగలా పనిచేస్తాయి, బేరం ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతాయి.

ఈ తెలుపు పిచ్చి ఎక్కణ్ణించి వచ్చిందని అడిగితే ఒకే జవాబు లేదు. మా డెల్టాలో మాత్రం ఒక కారణం కళ్ళ ముందే కనపడుతుంది. ఎండ. జూలైలో నాట్లు వేసే ఆడవాళ్ళు పొద్దుణ్ణించి సాయంత్రం దాకా నడుం వంచి నీళ్ళలో నిలబడతారు. పైన ఎండ, కింద నీళ్ళలోంచి కొట్టే ఎండ. అదే ఊళ్ళో భూమి ఉన్న ఇంటి ఆడవాళ్ళు గడప దాటరు. తరాల తరబడి ఒంటి రంగు చూసి ఎవరు చేలో దిగుతారు, ఎవరు దిగరు అని ఊహించడం అలవాటైపోయింది. కులం మీద ఊహలు కూడా దాంతోనే కలిసిపోయాయి. నిజానికి ఒకే కులంలో, ఒకే ఇంట్లో, ఒకే తల్లి పిల్లల్లో మూడు రంగులు ఉంటాయి. మా ఇల్లే చూడండి. అయినా ఎవరైనా నల్లటి పిల్లని చూసి "మీవాళ్ళలా లేదే" అంటే, ఆ మాట రంగు గురించి మాత్రమే కాదని వినేవాళ్ళకి తెలుసు.

పెద్దవాళ్ళ దగ్గర దీనికి ఓదార్పు సామెతలు ఉన్నాయి. "నలుపు నారాయణ మెచ్చు" అంటారు. కృష్ణుడు నల్లనయ్యే కదా, ద్రౌపదికి కృష్ణ అనే పేరుంది కదా అంటారు. అన్నీ నిజమే. కానీ తెల్లటి పిల్లని ఎవరైనా ఇలా ఓదారుస్తారా? ఓదార్పు మాట అవసరం అయిందంటేనే తీర్పు అప్పటికే వచ్చేసిందని అర్థం.

ఆ మాట అద్దం దాకా వస్తే

ఆ సంబంధం తప్పిపోయాక అక్క మొహానికి ఒక క్రీము రాయడం మొదలుపెట్టింది. ఎవరో కొలీగ్ చెప్పింది, మందుల షాపులో చీటీ లేకుండానే ఇచ్చారు. పది రోజుల్లో నిజంగానే మొహం తేటగా అయింది. అమ్మ సంతోషించింది. రెండు నెలలకి బుగ్గలు ఎర్రబడ్డాయి, ఎండలోకి వెళ్తే మంట, గడ్డం మీద మొటిమలు. క్రీము మానేస్తే ఇంకా ఎక్కువైంది. అప్పుడు రాజమండ్రిలో చర్మం డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ ట్యూబు వెనక్కి తిప్పి ఒక పేరు చూపించారు.

మీరూ చూడటం నేర్చుకోండి. ట్యూబు మీద బెటామెథసోన్, క్లోబెటసోల్, మొమెటసోన్ అనే పేర్లలో ఏదైనా ఉంటే అది స్టెరాయిడ్. తామర, దురద, ఎగ్జిమా లాంటి మాటలు చెప్పి ఇచ్చినా సరే, డాక్టరు చెప్పకుండా మొహానికి రాయకూడదు. చర్మం పల్చబడుతుంది, సన్నటి రక్తనాళాలు బయటికి కనపడతాయి, కొందరికి మొహం మీద వెంట్రుకలు వస్తాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ క్రీముల్ని డాక్టరు చీటీ మీదే అమ్మాలనే జాబితాలోకి చేర్చింది. అయినా షాపుల్లో దొరుకుతూనే ఉన్నాయి. ఇప్పటికే వాడుతుంటే ఒక్కసారిగా మానేయకండి, డాక్టరుని అడిగి మెల్లగా తగ్గించండి. అక్కకి మొహం మామూలు అవడానికి ఏడు నెలలు పట్టింది.

మాట తీసేస్తే రంగు పోతుందా?

2020 సంగతి కొంతమందికి గుర్తుండే ఉంటుంది. అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయాక వర్ణవివక్ష మీద పెద్ద చర్చ నడిచింది. ఆ జూన్‌లోనే, అక్కడున్న మన దేశపు ఆడవాళ్ళు కొందరు షాదీ డాట్ కామ్‌లో చర్మం రంగుని బట్టి వెతికే ఫిల్టర్ ఉందని గమనించారు. డాలస్‌లో ఉండే ఒకావిడ దాన్ని తీసేయమని ఆన్‌లైన్ పిటిషన్ పెట్టారు. ఒక్క రోజులోపే వెయ్యికి పైగా సంతకాలు వచ్చాయి. కంపెనీ ఆ ఫిల్టర్ తీసేసింది. అది పాతకాలం నుంచి పొరపాటున మిగిలిపోయిందని, పనిచేయడం లేదని చెప్పుకుంది. అదే నెలలో, 1975 నుంచి మన దేశంలో అమ్ముతున్న ఫెయిర్ అండ్ లవ్లీ తన పేరులోంచి "ఫెయిర్" తీసేస్తానంది. గ్లో అండ్ లవ్లీ అయింది.

అంతకు ముందు 2014లోనే ప్రకటనల మండలి అయిన ఏఎస్‌సీఐ ఒక నియమం పెట్టింది. నల్లగా ఉంటే పెళ్లి కాదు, ఉద్యోగం రాదు అన్నట్టుగా క్రీముల ప్రకటనలు చూపించకూడదని. మంచిదే. కానీ అది సరుకు అమ్మే ప్రకటనల సంగతి. నాన్న కూతురి గురించి ఇచ్చే ప్రకటనని ఎవరు అడుగుతారు?

ఇక్కడే అసలు చిక్కు. మాట పోయింది, చూపు పోలేదు. 2009లోనే సోనోరా ఝా, మారా అడెల్మన్ అనే ఇద్దరు పరిశోధకులు మన పెళ్లి సైట్లని పరిశీలించారు. మగవాళ్ళ ప్రొఫైళ్ళలో తెల్లటి అమ్మాయి వైపు మొగ్గు కనపడింది. ఇంకో సంగతి కూడా చూశారు. సైట్లు గొప్పగా పెట్టుకునే "సక్సెస్ స్టోరీ" పెళ్లి ఫోటోల్లో నల్లటి అమ్మాయిలు దాదాపు లేరు. అక్కడ ఫిల్టర్ అక్కర్లేదు, డ్రాప్‌డౌన్ అక్కర్లేదు. ఫోటో చూస్తే చాలు. ఇప్పుడు మా ఊరి వాట్సాప్ గ్రూపుల్లో చూస్తున్నదీ అదే. రంగు లైను తగ్గుతోంది, దాని బదులు "ఫిల్టర్ లేని ఫుల్ ఫోటో పంపగలరు" అనే మెసేజ్ వస్తోంది. "గుడ్ లుకింగ్" అని రాస్తున్నారు. ఆ మాటని ఎలా చదవాలో అందరికీ తెలుసు.

అలాగని మాట తీసేయడం దండగ అని నేను అనడం లేదు. మాట ఉన్నప్పుడు ఏమవుతుందంటే, అమ్మాయి తనే తన కాగితంలో తన మీద ధర రాసుకుంటుంది. మాట తీసేస్తే అవతలివాళ్ళు నోరు తెరిచి అడగాలి. అలా అడగడానికి కొంతమంది సిగ్గుపడతారు. కొంతమంది పడరు. ఎవరు ఎలాంటివాళ్ళో ఫోన్లోనే తేలిపోతుంది, గుమ్మం దాకా రానక్కర్లేదు.

అక్క నాలుగో బయోడేటా తనే చేసుకుంది. రంగు లైను లేదు. అరుగు మీద, పొద్దున పది గంటల వెలుతుర్లో, బ్యూటీ మోడ్ ఆపేసి నేనే ఫోటో తీశాను. పేరయ్య గారు చూసి, "ఫోన్లు తగ్గుతాయమ్మా" అన్నారు. "తగ్గనివ్వండి బాబాయ్ గారూ, వచ్చినోళ్ళు నన్ను చూసే వస్తారు కదా" అంది. నిజంగానే తగ్గాయి. ముందు నెలకి అయిదారు వచ్చేవి, తర్వాత రెండో మూడో. ఇంకా ఏదీ కుదరలేదు. ఇది సుఖాంతం కథ కాదండీ, అలా చెప్తే అబద్ధం అవుతుంది. గుమ్మం దగ్గర ఆగి "ఫోటోలో వేరేలా ఉంది" అనే మాట మాత్రం మళ్ళీ మా ఇంట్లో వినపడలేదు.

ఇంకో మాట చెప్పి ఆపేస్తాను. అదే ప్లాస్టిక్ ఫైల్లో అడుగున నా బయోడేటా కూడా ఉంది. అమ్మ పోయినేడు చేయించింది. కులం, గోత్రం, ఎత్తు, చదువు, హైదరాబాద్ ఉద్యోగం, జీతం అన్నీ ఉన్నాయి. రంగు గడి లేదు. ఎవరూ తీసేయలేదు, అసలు పెట్టలేదు. ఇంట్లో అందరికంటే నలుపు నేనే. పెళ్లిచూపుల్లో ఎవరూ నన్ను కిటికీ దగ్గర కూర్చోమని అడగరు, నా రంగుకి రెండు లక్షలు లెక్క కట్టరు.

కింద ఇంకో లైను ఉంది: "తెల్లని, చదువుకున్న, సాంప్రదాయ కుటుంబపు అమ్మాయి కావలెను." అమ్మ చెప్తుంటే పేరయ్య గారు రాసుకున్నారు. నేను అక్కడే కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాను. విన్నాను. ఏమీ అనలేదు. పక్క గదిలో అక్క ఉంది, బుగ్గలకి డాక్టరు గారు ఇచ్చిన మందు రాసుకుంటోంది. తనూ వినే ఉంటుంది.

మొన్న ఆ కాగితం అమ్మకి చూపించి, ఆ మొదటి మాట కొట్టేశాను. అమ్మ చాలాసేపు దాని వంకే చూసి, "నాకు తట్టలేదురా" అంది. నాకూ తట్టలేదు.

మీ ఇంట్లో కూడా అలాంటి ఫైలు ఉంటుంది, లేదా ఫోన్లో పీడీఎఫ్ ఉంటుంది. మీ అక్కదో చెల్లిదో కాగితంలో రంగు గడి ఉందేమో చూడండి. తర్వాత మీ కాగితం తీసి, "కావలెను" ముందు ఏం రాసుందో చదవండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.